ఆరుగురు రైతుల సగటుతో రాయలసీమ అంతటికీ లెక్క చెప్పొచ్చా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె సార్. నాన్న ఎనిమిది ఎకరాల్లో వేరుశనగ వేస్తాడు. విత్తనానికి పట్టించే జీవ ద్రావణం కొనమని ఒకాయన కరపత్రం ఇచ్చిపోయాడు. "రాయలసీమ మెట్ట వేరుశనగలో 21% అధిక దిగుబడి, శాస్త్రీయంగా రుజువు" అని ఉంది. మా పక్క మండలంలోనే పోయిన ఖరీఫ్‌లో చేశారట. వెనక పట్టిక ఇచ్చారు, ఎకరాకు క్వింటాళ్లలో. వాడిన ఆరుగురికి: 5.1, 9.6, 6.2, 7.4, 5.8, 7.3. వాడని ఆరుగురికి: 4.2, 6.8, 5.5, 7.1, 4.9, 5.7. మొత్తం 360 మొక్కల కాయలు లెక్కపెట్టారట, ఏ పొలంలోనూ మొలక దెబ్బతినలేదట. ఆరుగురు తక్కువేమో అని నాకు అనుమానం, కానీ నాన్నకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. ఎంతమంది ఉంటే చాలు? ఎట్లా కనుక్కోవాలి?

సమాధానం:

మీకు ఒక మేలు జరిగింది. చాలా కరపత్రాల్లో సగటు ఒక్కటే వేస్తారు. మీ చేతికి పన్నెండు పొలాల అంకెలూ విడివిడిగా వచ్చాయి. కాబట్టి "ఆరుగురు తక్కువ కదా" అని ఊహతో వాదించక్కర్లేదు, ఆ అంకెలతోనే తేల్చుకోవచ్చు. పొలం ప్రయోగాల లెక్కలు చూడడం నా పని కాబట్టి, నేనైతే ఏ వరసలో చూస్తానో చెబుతాను.

ముందు సగటులు. వాడినవాళ్లది 6.9, వాడనివాళ్లది 5.7, తేడా 1.2 క్వింటాళ్లు. 5.7 మీద అది 21 శాతమే. అంటే కూడికలో తప్పు లేదు, అబద్ధమూ లేదు. ఆ తేడా మందు వల్ల వచ్చిందా, లేక పొలానికీ పొలానికీ ఎప్పుడూ ఉండే తేడానా అన్నదే చూడాల్సింది.

దీనికి కాగితం, పెన్సిల్ చాలు. వాడినవాళ్లలో 9.6 వచ్చిన రైతును పక్కన పెట్టి మళ్లీ సగటు తీయండి. 6.36 వస్తుంది. తేడా 0.66కు పడిపోతుంది, అంటే 21 శాతం కాస్తా 12 శాతం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు వాడనివాళ్లలో 4.2 వచ్చిన ఆయన్ను కూడా తీసేయండి. అక్కడ సగటు సరిగ్గా 6.0 అవుతుంది. మిగిలిన తేడా 0.36, ఆరు శాతం. పన్నెండు మందిలో ఇద్దరిని పక్కన పెడితే కరపత్రం తలకట్టులోని అంకె మూడో వంతు కన్నా చిన్నదైపోయింది.

వాళ్లిద్దరి అంకెలు తప్పని నేను అనడం లేదు. 9.6 పండించిన రైతుకు బోరు ఉండి, ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఒక రక్షక తడి ఇచ్చి ఉండొచ్చు. 4.2 వచ్చినాయన పొలం పైన జానెడు ఎర్రమట్టి, కింద గరుసు ఉన్న మిట్ట కావచ్చు. మన జిల్లాలో ఈ రెండు పొలాల మధ్య ఒక గట్టే అడ్డం ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇట్లాంటి ఒకటి రెండు పొలాలు ఎటు పడితే అటు ఫలితం ఒరిగిపోతోందంటే, ఆ శాంపిల్ ఆ మాటను మోయలేకపోతోందని అర్థం. నలభై మందిలో ఒకరిని తీసేస్తే సగటు ఇంతగా కదలదు. ఏ అధ్యయనం చేతికొచ్చినా, విడి అంకెలు ఉంటే నేను మొదట చేసే పని ఇదే. అయితే ఒక జాగ్రత్త: ఇది శాంపిల్ ఎంత బలహీనమో చూడడానికి మాత్రమే. నచ్చని అంకెలు తీసేసి మిగిలినవాటితో కొత్త తీర్పు చెప్పడానికి కాదు.

ఇక రెండో పరీక్ష. నాన్నకు చూపించడానికి ఇది బాగుంటుంది. పన్నెండు చీటీల మీద పన్నెండు దిగుబడులు రాయండి. ఎవరు మందు వాడారో రాయొద్దు. బాగా కలిపి, చూడకుండా ఆరు తీసి ఒక పక్క, మిగతా ఆరు ఇంకో పక్క పెట్టండి. రెండు సగటుల తేడా రాసుకోండి. మళ్లీ కలిపి మళ్లీ తీయండి. ఇక్కడ మందు ఊసే లేదు, వచ్చే తేడా అంతా చీటీలు పడిన తీరు వల్లే.

పన్నెండింటి నుంచి ఆరు ఎంచుకునే మార్గాలు మొత్తం 924. మీ అంకెలతో అవన్నీ లెక్కించాను. 154 మార్గాల్లో రెండు గుంపుల తేడా, ఎటువైపైనా సరే, 1.2 లేదా అంతకంటే ఎక్కువే వస్తోంది. సరిగ్గా ఆరింట ఒకటి. మందు మంచినీళ్లే అయినా, పాచిక వేస్తే ఒకటి పడేంత సులువుగా ఈ 21 శాతం వచ్చేస్తుందన్న మాట. పరిశోధకులు పి విలువ అని చెప్పేది ఇలాంటి అంకెనే. ఇక్కడ అది దాదాపు 0.17. మామూలుగా 0.05 కంటే తక్కువ ఉంటేనే "తేడా కాకతాళీయం కాకపోవచ్చు" అంటారు. "శాస్త్రీయంగా రుజువు" అన్న మాట కరపత్రంలోకి ఏ లెక్కతో వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఆరుగురు అనగానే కొట్టిపారేయాలని కూడా అనుకోవద్దు. వాడిన ఆరుగురికీ వాడని ఆరుగురి కంటే, ఒక్కరు కూడా తప్పకుండా, ఎక్కువ వచ్చి ఉంటే? 924 మార్గాల్లో అట్లా పడేది ఒక్కటే. తిరగేసి పడేది కూడా కలిపితే రెండు. అప్పుడు ఈ ఆరూ ఆరే గట్టి సాక్ష్యం అయ్యేవి. కాబట్టి శాంపిల్ చిన్నదా పెద్దదా అన్నది ఒంటరిగా తేలే సంగతి కాదు. ఎంత తేడాను పట్టుకోవాలి, పొలానికీ పొలానికీ అంకెలు ఎంతగా చెదురుతున్నాయి అన్న రెండింటి పక్కన పెట్టి చూడాలి. "ముప్పై ఉంటే చాలు" అని కొందరు చెప్పే సూత్రాన్ని నేను వాడను. ఒక ప్రశ్నకు ముప్పై ఎక్కువ, ఇంకో ప్రశ్నకు మూడు వందలు కూడా చాలవు.

ఇప్పుడు కొంచెం లెక్కలోకి వెళ్దాం. అంకెలు తమ సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరాయో చెప్పే కొలతను ప్రామాణిక విచలనం అంటారు. వాడినవాళ్లలో అది 1.59 క్వింటాళ్లు, వాడనివాళ్లలో 1.10. రెండూ కలిపి చూస్తే సుమారు 1.37. అంటే మందు సంగతి అట్లా ఉంచితే, ఒకే గుంపులోని రెండు పొలాల మధ్యే క్వింటానూ క్వింటిన్నరా తేడా ఉండడం మామూలు. మనం వెతుకుతున్నది 1.2 తేడాను. వెతికే వస్తువు, దాన్ని కప్పేసే చెదురు దాదాపు ఒకే సైజులో ఉన్నాయి.

దీని నుంచి ఒక పరిధి వస్తుంది. సగటుల తేడాలో ఉండే అనిశ్చితి ఇక్కడ 0.79. ఆరూ ఆరు పొలాలు ఉన్నప్పుడు దాన్ని 2.23తో గుణించాలి, 1.76 వస్తుంది. పెద్ద శాంపిళ్లకైతే 1.96తో గుణిస్తే సరిపోతుంది. చిన్నవాటికి ఎక్కువ ఎందుకంటే, ఆరు అంకెల నుంచి చెదురును కూడా మనం సరిగ్గా కొలవలేం. ఈ సవరణను కనిపెట్టిన గోసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ మీద, బీరు తయారీ మీద చేసే చిన్న చిన్న ప్రయోగాలను ఎంతవరకు నమ్మొచ్చన్నదే ఆయన ఇబ్బంది. 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ఆ లెక్క ప్రచురించాడు. మీ నాన్నగారి ముందున్న చిక్కూ, ఆయన ముందున్న చిక్కూ ఒకటే.

1.2కు అటూ ఇటూ 1.76 వేస్తే, కింద మైనస్ 0.56, పైన 2.96. మందు వల్ల ఎకరాకు అర క్వింటా నష్టం దగ్గర్నుంచి మూడు క్వింటాళ్ల లాభం దాకా, ఏదైనా ఈ పన్నెండు పొలాల అంకెలతో పొసుగుతుంది. కరపత్రంలో "21%" అని వేసిన చోట నిజానికి వేయాల్సింది "పది శాతం నష్టం నుంచి యాభై శాతం లాభం వరకు, మాకింతకంటే తెలియదు" అని. ఇంగ్లీషు పేపర్లు చదివేటప్పుడు దీన్ని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ పేరుతో చూస్తారు. సగటు ఇచ్చి ఈ పరిధి ఇవ్వకపోతే నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది. పరిధి ఇచ్చి, అది సున్నాను దాటి అటువైపుకు పోతున్నా ముగింపులో "పెరిగింది" అని రాస్తే, ఇక ఆ ముగింపును నేను లెక్కలోకి తీసుకోను.

ఎంతమంది ఉంటే చాలు అని అడిగారు. చేతిలెక్కకు పనికొచ్చే సూత్రం ఒకటుంది:

ఒక్కో గుంపులో కావలసిన పొలాలు = 16 × (విచలనం)² ÷ (తేడా)²

నిజంగా అంత తేడా ఉంటే, ఐదింట నాలుగు సార్లు మన ప్రయోగం దాన్ని పట్టుకోవాలన్న లెక్కతో వచ్చింది ఆ 16. మీ అంకెలు వేయండి. విచలనం 1.37, తేడా 1.2 అయితే గుంపుకు 21 పొలాలు కావాలి. కానీ విత్తనశుద్ధి ఒక్కదానితో ఎకరాకు క్వింటాకు పైగా పెరుగుతుందని ఆశించడం నాకు ఎక్కువే అనిపిస్తుంది. అందులో సగం, 0.6 క్వింటాళ్లు, అంటే పది శాతం పెరిగినా రైతుకు అది మంచి మందే. దాన్ని పట్టుకోవాలంటే గుంపుకు 83 పొలాలు, రెండు గుంపులకూ కలిపి 166 కావాలి. తేడా సగమైతే కావలసిన పొలాలు రెట్టింపు కాదు, నాలుగింతలు. చిన్న ప్రయోగాలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

దీన్నుంచే ఇంకో ప్రమాదం వస్తుంది. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే, చదువుకున్నవాళ్లు కూడా దీని దగ్గర పొరబడతారు. "శాంపిల్ అంత చిన్నదైనా తేడా బయటపడిందంటే, మందు ఎంత బలమైనదై ఉండాలి!" అని అనిపిస్తుంది. నిజం దానికి తలకిందులు. ఆరూ ఆరు పొలాల్లో, ఇదే చెదురుతో, తేడా 1.76 క్వింటాళ్లు దాటితే తప్ప ఏ ఫలితమూ 0.05 గీత దాటదు. అంటే 31 శాతం. మందు నిజంగా ఇచ్చేది 0.6 అనుకుందాం. ఇట్లాంటి చిన్న ప్రయోగాలు పది ఊళ్లలో చేస్తే ఎక్కువ ఊళ్లలో ఏమీ తేలదు, వాటిని ఎవరూ అచ్చు వేయరు. ఎక్కడో ఒక ఊళ్లో అదృష్టం కలిసొచ్చి తేడా గీత దాటుతుంది, అదే అచ్చవుతుంది. ఆ అచ్చయినదాంట్లో అంకె కనీసం 1.76, నిజానికి దాదాపు మూడు రెట్లు. ఎవరూ అబద్ధమాడలేదు, అయినా రైతు చేతికి వచ్చింది మూడింతలు ఉబ్బిన అంకె. అందుకే చిన్న శాంపిల్‌తో పెద్ద లాభం చూపించే అధ్యయనం కనిపిస్తే, ఆ లాభం నిజంగా ఉన్నా చెప్పినంత ఉండదనే అనుకుంటాను. ఇది వ్యవసాయానికే పరిమితం కాదు. 2013లో మెదడు పరిశోధనలను కూడగట్టి చూసినప్పుడు, ఒక అధ్యయనం నిజమైన తేడాను పట్టుకోగల అవకాశం మధ్యస్థంగా 21 శాతం మాత్రమేనని తేలింది.

ఇప్పుడు ఆ 360 మొక్కల సంగతి. కరపత్రంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన మాట ఇది. పన్నెండు పొలాల్లో 360 మొక్కలంటే పొలానికి ముప్పై. ఒక పొలంలో ముప్పై మొక్కలు పీకి కాయలు లెక్కపెడితే ఆ పొలం దిగుబడి మీకు మరింత కచ్చితంగా తెలుస్తుంది, అంతే. ఆ ముప్పై మొక్కలదీ ఒకే నేల, ఒకే వాన, ఒకే విత్తనం, ఒకే రైతు. మందు వాడాలా వద్దా అన్న నిర్ణయం మొక్క మొక్కకూ జరగలేదు, పొలానికి ఒకసారి జరిగింది. కాబట్టి లెక్కకు వచ్చే సంఖ్య 360 కాదు, 12. పొలానికి మూడు వందల మొక్కలు పీకినా అది 12గానే ఉంటుంది. ఆస్పత్రి అధ్యయనాల్లో ఇదే "ఇరవై మంది రోగుల నుంచి 400 బీపీ కొలతలు" రూపంలో వస్తుంది, బడుల్లో "రెండు స్కూళ్లలో 500 మంది పిల్లలు" రూపంలో వస్తుంది. పెద్ద సంఖ్య చూసి ఆగకుండా, మందు ఇవ్వడమా మానడమా అన్నది దేని స్థాయిలో జరిగిందో చూడండి. ఆ స్థాయిలో ఎన్ని ఉన్నాయో అదే శాంపిల్.

అదే దృష్టితో తలకట్టు కూడా చూడండి: "రాయలసీమ మెట్ట వేరుశనగలో". చేసింది ఒక మండలంలో, ఒక ఖరీఫ్‌లో. అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే సగటు, అదీ ఒక ఊళ్లో పడి పక్క ఊళ్లో పడదు. వాన బాగున్న ఏడు పనిచేసిన ద్రావణం, విత్తిన తర్వాత నెల రోజులు ఎండ కాసిన ఏడు పనిచేస్తుందో లేదో ఈ ప్రయోగం చెప్పలేదు. కర్నూలు నల్లరేగడి సంగతీ చెప్పలేదు. పొలాలు పన్నెండు కావచ్చు, కానీ ఏళ్ల లెక్కలో శాంపిల్ ఒకటి, మండలాల లెక్కలోనూ ఒకటి. కదిరి పరిశోధన స్థానం నుంచి వచ్చిన కె-6 లాంటి రకాలను విడుదలకు ముందు పలు చోట్ల, పలు సీజన్లలో వేసి చూసేది ఇందుకే.

"ఏ పొలంలోనూ మొలక దెబ్బతినలేదు" అన్నదానికి త్వరగా జవాబు. పది పొలాల్లో మూడింట మొలకను దెబ్బతీసే మందైనా, ఆరు పొలాల్లో వాడితే ఒక్కచోట కూడా కనపడకుండా పోయే అవకాశం సుమారు 12 శాతం ఉంది. ఆరింట సున్నా వచ్చిందంటే, హాని నలభై శాతం పొలాలను మించదని మాత్రమే కొంత ధైర్యంగా చెప్పగలం. కొంచెం పెద్ద సంఖ్యలకు సులువైన లెక్క ఉంది: ఎన్ని పొలాల్లో చూసి సున్నా వచ్చిందో, మూడును ఆ సంఖ్యతో భాగించండి. ముప్పై పొలాల్లో సున్నా అంటే హాని గరిష్ఠంగా పది శాతం దాకా ఉండొచ్చు. మూడు వందల పొలాల్లో సున్నా అంటే ఒక శాతం.

కరపత్రం ఇచ్చినాయన మళ్లీ వస్తే ఒకటే అడగండి: ఆ ఆరుగురిని ఎవరు ఎంచారు, ఎలా? చీటీ వేసి ఎంచారా, లేక మందు కొనడానికి ముందుకొచ్చినవాళ్లా? డబ్బు పెట్టి కొత్త మందు కొనే రైతు సాధారణంగా జిప్సం కూడా వేళకు వేస్తాడు, తిక్క తెగులుకు మందు కూడా కొడతాడు. అట్లా ఎంచి ఉంటే ఆరుగురిని అరవై మందిని చేసినా లాభం లేదు, అదే తప్పు మరింత నమ్మకంగా కనిపిస్తుంది.

అయితే ఈ మందు పనికిరాదని నాన్నకు చెప్పకండి. ఈ అంకెలు ఆ మాటా చెప్పవు. పరిధిలో మూడు క్వింటాళ్ల లాభం కూడా ఉందని మరవొద్దు. చిన్న ప్రయోగంలో తేడా తేలకపోతే "తేడా లేదని తేలింది" అనడం, "రుజువైంది" అనడమంత తప్పే.

మీ ఊళ్లో ఆసక్తి ఉన్న రైతులు ఉంటే, 166 పొలాలు లేకుండానే తేల్చుకునే దారి ఒకటుంది. వేర్వేరు రైతులను పోల్చకుండా, ప్రతి రైతూ తన పొలంలోనే పక్కపక్కన రెండు పట్టీలు వేయాలి. ఏ పట్టీకి ద్రావణం పట్టించిన విత్తనం వేయాలో నాణెం ఎగరేసి తేల్చాలి, మంచి పక్కను తామే ఎంచుకోకూడదు. రెంటికీ ఒకే రకం విత్తనం, ఒకే రోజు విత్తడం, ఒకే సేద్యం. అప్పుడు బోరు ఉన్న పొలమా మిట్ట పొలమా అన్న తేడా రెండు పట్టీలకూ సమానంగా వచ్చి లెక్కలోంచి జారిపోతుంది. మిగిలేది పట్టీకీ పట్టీకీ ఉండే చెదురే. రైతు రైతుకూ ఈ రెండు పట్టీల తేడా ఎంత చెదురుతుందో, ఆ విచలనం 0.8 క్వింటాళ్ల దగ్గర ఉంటే, 0.6 తేడాను పట్టుకోవడానికి పదహారు మంది రైతులు చాలు; జతలకు పై సూత్రం కాదు, వేరే లెక్క. నాన్నగారికి ఎనిమిది ఎకరాలు ఉన్నాయి కాబట్టి అర ఎకరా పట్టీలు రెండు వేయడం కష్టం కాదు, ద్రావణం ఖర్చూ అర ఎకరాకే. కోతప్పుడు రెండు పట్టీల కాయలు కలవకుండా విడిగా ఎండబెట్టి, రెండూ ఒకేలా ఎండిన తర్వాతే తూకం వేయండి. పచ్చికాయల్లో తేమ తేడా ఒక్కటే ఈ 0.6ను మింగేయగలదు. పదహారు జతల అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, లెక్క నేను వేసి ఇస్తాను.